లండన్ నుంచి వారసత్వ ఆస్తి అంటూ ఈమెయిల్: లీగల్ ఫీజు కట్టొచ్చా?

ప్రశ్న: "మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. లండన్ నుంచి ఒక బారిస్టర్ నాకు ఈమెయిల్ పెట్టాడు. మా దూరపు బంధువు, ఇంటిపేరు రెడ్డి, అక్కడ చనిపోయాడంట. పెళ్లాం పిల్లలు లేరంట. బ్యాంకులో 42 లక్షల పౌండ్లు ఉన్నాయి, బతికున్న ఒకే ఒక్క వారసుడివి నువ్వే అంటున్నాడు. లీగల్ ఫీజు 68,500 రూపాయలు శుక్రవారం లోపల కడితే రిలీజ్ చేస్తారంట. మా జేజినాయన తమ్ముడు ఒకాయన 1978 ప్రాంతంలో కువైట్ పోయి, అక్కడి నుంచి లండన్ పోయినాడు అని ఇంట్లో చెప్పుకునే మాట నిజమే. మా నాయన, ఇద్దరు మేనత్తలు ఉన్నారు. నాయన అయితే కట్టేయమంటున్నాడు. కట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి."

సమాధానం:

కట్టొద్దు. 68,500 కాదు, 500 కూడా కట్టొద్దు. ఇది మోసం. "బహుశా మోసం కావచ్చు" అనే మాట కూడా నేను వాడను. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే అది మోసమని తేల్చే విషయాలు రెండున్నాయి. ఒకటి ఫీజు, రెండోది "ఒకే ఒక్క వారసుడు" అనే మాట. నేను కడపలో సివిల్ కేసులు చూసే అడ్వకేటును. వారసత్వ కేసులు, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల డబ్బుల వ్యవహారాలు నా ఆఫీసులో ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. ఇలాంటి ఈమెయిళ్లు ప్రింటు తీసుకుని వచ్చేవాళ్లూ వస్తుంటారు. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నా. మీ నాయనగారికి చదివి వినిపించండి.

ముందు ఫీజు సంగతి. ఇంగ్లండ్‌లో ఒక మనిషి చనిపోతే, అంత్యక్రియల ఖర్చు, లాయర్ల ఫీజు, పన్ను, ఆస్తి పంపకానికి అయ్యే ఖర్చు అన్నీ ఆ చనిపోయిన మనిషి ఆస్తిలోంచే పోతాయి. మిగిలిందే వారసులకు వస్తుంది. అక్కడ వారసత్వపు పన్ను ఉన్న మాట నిజమే. మామూలుగా 3,25,000 పౌండ్లు దాటిన విలువ మీద 40 శాతం. అది కూడా వారసుడు జేబులోంచి ముందు కట్టేది కాదు. అక్కడ డైరెక్ట్ పేమెంట్ స్కీమ్ అని ఒక పద్ధతి ఉంది. ఆస్తిని చక్కబెట్టే వ్యక్తి `IHT423` అనే ఫారం నింపి ఇస్తే, బ్యాంకే చనిపోయిన మనిషి ఖాతాలోంచి డబ్బు తీసి నేరుగా పన్ను శాఖకు పంపుతుంది. ఆస్తిని చక్కబెట్టడానికి కోర్టు ఇచ్చే అనుమతి, అంటే ప్రొబేట్ పత్రం, రాకముందే ఇది జరుగుతుంది. ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నునే ఆ ఖాతాలోంచి కోసుకునే ఏర్పాటు ఉన్నప్పుడు, లాయరు ఫీజు కింద పోయే కొన్ని వందల పౌండ్ల కోసం ప్రొద్దుటూరు మనిషిని అడగాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది?

మీరు గానీ "ఫీజు ఆస్తిలోంచే పట్టుకోండి, కావాలంటే రెండింతలు పట్టుకోండి" అని అడిగి ఉంటే, జవాబు ఏమొచ్చి ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను. "నిధి ఫ్రీజ్‌లో ఉంది, అసలు మొత్తాన్ని ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు" అని వస్తుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఆ వాక్యం ఏదో ఒక రూపంలో ఉంది. సీలు, గుర్రం బొమ్మ, పాస్‌పోర్టు కాపీ, ఫోన్లో దొరమాట, ఇవన్నీ చూసి తల పట్టుకోవాల్సిన పని లేదు. వచ్చే డబ్బులోంచి ఫీజు మినహాయించుకోను అన్నాడంటే, వచ్చే డబ్బు లేదు.

ఇక రెండోది, "ఒకే ఒక్క వారసుడు". ఇది మీ కుటుంబం విషయంలోనే తేలిపోతుంది. వాదన కోసం ఆ చనిపోయినాయన నిజంగానే మీ జేజినాయన తమ్ముడు అనుకుందాం. వీలునామా రాయలేదు, పెళ్లాం పిల్లలు లేరు, తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. ఇంగ్లండ్ చట్టం ప్రకారం అప్పుడు ఆస్తి తోడబుట్టినవాళ్లకు పోతుంది. తోడబుట్టినవాడు ముందే చనిపోయి ఉంటే అతని వాటా అతని పిల్లలకు పోతుంది. అంటే మీ జేజినాయన వాటా మీ నాయనకూ, మీ ఇద్దరు మేనత్తలకూ సమానంగా. మీ నాయన బతికి ఉండగా మీకు అందులో ఒక్క పౌండు కూడా రాదు. ఆయన ఉన్నంతవరకు మీరు వారసులే కాదు. మీ జేజినాయనకు ఇంకా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల సంతానానికీ వాటాలుంటాయి. నిజంగా ఆ ఆస్తి వ్యవహారం చూసే లాయరు చేసే మొదటి పని వంశవృక్షం గీయడం. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు, వాటికి సర్టిఫికెట్లు ఏవి అని ప్రాణం తీస్తాడు. మీ నాయన ఉన్నాడా లేడా అని కూడా అడగకుండా మిమ్మల్ని "ఏకైక వారసుడు" అన్నవాడు మీ కుటుంబం గురించి ఏమీ తెలియనివాడు.

మరి మీ పేరు ఎక్కడిది? "ఇంటిపేరు రెడ్డి" అని రాశాడు చూడండి, అక్కడే ఉంది. మన దగ్గర రెడ్డి ఇంటిపేరు కాదని చిన్నపిల్లలకూ తెలుసు. మీ ఇంటిపేరు వేరే ఉంటుంది, అది పేరుకు ముందు వస్తుంది. ఫేస్‌బుక్‌లోనో, ఏదో సైటు నుంచి బయటికి పోయిన లిస్టులోనో మీ పేరు చివర రెడ్డి అని కనిపించింది. దాన్నే వాడు ఇంటిపేరు అనుకున్నాడు. అదే ఉత్తరం ఖాన్ గారికి పోతే చనిపోయినాయన ఖాన్ అవుతాడు. లండన్‌లో మీ బంధువు ఆస్తి పత్రాలు చేతిలో పెట్టుకున్న మనిషికి మీ అసలు ఇంటిపేరు తెలియకుండా ఎలా ఉంటుంది?

మీ నాయన ఎందుకు నమ్ముతున్నారో నాకు అర్థమవుతుంది. జేజినాయన తమ్ముడు పోయిన మాట నిజం, తర్వాత కబురు లేని మాట నిజం. మన కడప వైపు ఏ పల్లెలో చూసినా కువైట్ పోయినవాళ్లు ఉంటారు, వాళ్లలో జాడ తెలియకుండా పోయినవాళ్లూ ఒకరిద్దరు ఉంటారు. అందుకే ఈ ఉత్తరం మన దగ్గర తగిలినంత గట్టిగా ఇంకోచోట తగలదు. కానీ మీ ఇంట్లో ఉన్న నిజం మీ ఇంట్లోది, ఉత్తరంలోది కాదు. ఒకసారి పాత మెయిళ్లు తిరగేయండి. మొదటి ఉత్తరంలో ఆయన పేరు, ఊరు, కువైట్ సంగతి ఉన్నాయా? నాకు తెలిసి ఉండవు. మీరు జవాబులో "అవును సార్, మా జేజినాయన తమ్ముడు ఫలానా ఆయన కువైట్ పోయినాడు" అని రాసి ఉంటారు. తర్వాతి ఉత్తరంలో ఆ పేరే పెద్దక్షరాల్లో వచ్చి ఉంటుంది. సోది చెప్పేవాళ్లు మన నోటి నుంచి రాబట్టి మనకే చెప్పినట్టే ఇదీ.

ఇప్పుడు ఒక కేసు చెప్తా. మైదుకూరు వైపు ఒక రిటైర్డ్ ఉద్యోగి. చదువుకున్న మనిషి, లెక్కల్లో గట్టివాడు. గుర్తు పట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. ఆయనకూ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. మొదట అడిగింది 24,800 రూపాయలు, అఫిడవిట్, నోటరీ ఖర్చుకని. కట్టిన మర్నాడే ఆయన పేరుతో బంగారు రంగు సీలు వేసిన "వారసత్వ ధ్రువీకరణ పత్రం" పీడీఎఫ్ వచ్చింది. అది చూసి ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది. తర్వాత "యాంటీ మనీ లాండరింగ్ సర్టిఫికెట్" కావాలి, 86,000 అన్నారు. మనీ లాండరింగ్ తనిఖీ అనేది బ్యాంకు తన లోపల తాను చేసుకునే పని, కస్టమరు డబ్బు పెట్టి కొనుక్కునే సర్టిఫికెట్ కాదు. ఆయనకు ఆ సంగతి తెలియదు, కట్టేశాడు.

మూడో మెట్టు దగ్గర వీళ్ల తెలివి చూడాలి. ఒక వెబ్‌సైటు లింకు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ పంపారు. తెరిస్తే అచ్చం బ్యాంకు పేజీ. ఆయన పేరు, కింద లక్షల పౌండ్ల బ్యాలెన్స్. తన కడప బ్యాంకు ఖాతా నంబరు వేసి ట్రాన్స్‌ఫర్ నొక్కమన్నారు. నొక్కితే ఒక పచ్చ గీత నెమ్మదిగా పోతూ పోతూ 87 శాతం దగ్గర ఆగి, "COT CODE REQUIRED" అని వచ్చింది. ఆ కోడ్ ధర 1,45,000. ఆ పేజీ వెనక ఏ బ్యాంకూ లేదు, అదొక బొమ్మ పేజీ. కానీ కళ్ల ముందు తన పేరు మీద డబ్బు కనిపించి, 87 శాతం దాకా వచ్చి ఆగిన తర్వాత వెనక్కి తగ్గడం ఎంత కష్టమో ఆలోచించండి. భార్య నగలు తాకట్టు పెట్టి కట్టాడు. నాలుగోసారి "ఆర్‌బీఐ కన్వర్షన్ చార్జి" కింద 2,10,000 అన్నారు, అదీ అప్పు తెచ్చి కట్టాడు. మొత్తం 4,65,800. ప్రతి మెట్టు దగ్గరా ఆయనను నడిపించింది ఆశ కన్నా ఎక్కువగా, ఇప్పటిదాకా కట్టింది పోతుందన్న భయం.

ఐదోసారి అడిగినప్పుడు మళ్లీ బంగారం తీసుకుని బ్యాంకుకు పోతే, అక్కడి అధికారి ఇంతకుముందు పంపిన రసీదు చూసి ఒకే మాట అడిగాడంట: "ఆర్‌బీఐకి కట్టానంటున్నారు, ఇది వేరే రాష్ట్రంలో ఎవరో మనిషి సేవింగ్స్ ఖాతా కదా?" అప్పుడు నా దగ్గరికి వచ్చారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు పెట్టించాం. చివరి విడత పంపి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి, అందులో కొంత ఆ ఖాతాలోనే హోల్డ్ అయింది. కోర్టు ఉత్తర్వుతో అది తిరిగొచ్చింది. మొదటి మూడు విడతలూ పోయినట్టే. ఆ ఖాతాదారుడు కూడా కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చిన కుర్రాడు, అసలువాళ్లు ఎవరో ఇప్పటికీ తెలియదు.

మీకు ఇచ్చిన ఖాతా నంబరు కూడా ఒకసారి అలా చూడండి. లండన్ లాయరు ఫీజు ఇండియాలోని ఒక ప్రైవేటు మనిషి ఖాతాకో, యూపీఐ నంబరుకో పోతోందా? పేరు వెతికితే ఎవరిది వస్తోంది? మీ నాయనగారికి నా ఉపన్యాసం కన్నా ఆ పేరు చూపించడం మేలు.

ఆర్‌బీఐ పేరు వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తా. నిజంగా విదేశంలో వారసత్వపు డబ్బు వస్తే అది అక్కడి బ్యాంకు నుంచి మీ బ్యాంకుకు వస్తుంది. మీ బ్యాంకు ఇది దేని తాలూకు డబ్బు అని అడిగి, పత్రాలు చూసి, ఆ రోజు రేటుకు రూపాయల్లోకి మార్చి, తన చార్జీ తానే పట్టుకుని మిగిలింది జమ చేస్తుంది. ఆర్‌బీఐ వ్యక్తులకు ఖాతాలు తెరవదు, ఈమెయిల్ పెట్టదు, కన్వర్షన్ చార్జి అడగదు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు, వారసత్వంగా వచ్చిన డబ్బు మీద ఆదాయపు పన్ను కూడా లేదు. కాబట్టి "ఇండియాలో వారసత్వపు పన్ను క్లియరెన్స్" అని రేపు ఏదైనా కాగితం వస్తే దాన్నీ నమ్మొద్దు. ఇంకో మాట, లాటరీలు, ఇలాంటి దొంగ ఆఫర్ల కోసం విదేశాలకు డబ్బు పంపితే పంపినవాళ్ల మీదే విదేశీ మారకపు చట్టం ఫెమా కింద చర్య ఉండొచ్చని ఆర్‌బీఐ చాలా ఏళ్ల కిందే హెచ్చరించింది.

"బారిస్టర్" గురించి. ఈ ఉత్తరాల్లో ఎప్పుడూ బారిస్టరే ఉంటాడు, ఎందుకంటే మన చెవికి ఆ మాట గొప్పగా వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆస్తి పంపకాల పని సాధారణంగా చూసేది సొలిసిటర్. బారిస్టర్ కోర్టులో వాదించే మనిషి, క్లయింట్ల డబ్బు తన దగ్గర పెట్టుకోవడానికి అక్కడి నియమాలే ఒప్పుకోవు. అలాంటప్పుడు వాడి ద్వారా 42 లక్షల పౌండ్లు ఎలా వస్తాయి? పేరు పక్కన సీనియర్ బారిస్టర్లకు ఇచ్చే హోదా `QC` అని ఉందేమో కూడా చూడండి. 2022 సెప్టెంబరులో రాణి ఎలిజబెత్ చనిపోయిన రోజు నుంచి ఆ హోదా `KC` అయిపోయింది. పాత ఉత్తరాన్నే తిప్పి తిప్పి పంపేవాళ్లు చాలామంది దాన్ని మార్చడం మర్చిపోయారు. నా దగ్గరికి వచ్చిన వాటిలో చార్లెస్ రాజు పేరు, `QC` హోదా ఒకే పేజీలో ఉన్నది కూడా ఉంది.

కొందరు కొంచెం కష్టపడి నిజంగా ఉన్న లాయర్ల సంస్థ పేరే వాడతారు. గూగుల్‌లో వెతికితే ఆఫీసు, ఫొటోలు అన్నీ నిజంగానే కనిపిస్తాయి. అక్కడ చాలామంది పడిపోతారు. సంస్థ నిజం, ఉత్తరం అబద్ధం. ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ల పేర్లన్నీ సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు. అడగాలనుకుంటే ఆ రిజిస్టర్లో ఉన్న నంబరుకు చేయండి, ఈమెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. తమ పేరుతో దొంగ ఉత్తరాలు తిరుగుతున్నాయని చాలా సంస్థలు ఫిర్యాదు చేసి ఉంటాయి, ఆ హెచ్చరికలు కూడా అదే సైటులో పెడతారు.

ఈమెయిల్‌ను కూడా ఒకసారి లోపలికి తొంగి చూడొచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, ఆ ఉత్తరం పక్కన మూడు చుక్కలు నొక్కి `Show original` అంటే ఇలాంటి వరసలు కనిపిస్తాయి:

```
From: "Barrister Chambers London" <info@example.com>
Reply-To: chambers.claims@example.net
```

పైన కనిపించే పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. `Reply-To` అంటే మీరు జవాబిస్తే అసలు పోయే చోటు. రెండూ వేరు వేరుగా ఉండి, రెండోది ఏదో ఉచిత మెయిల్ అయితే ఇక చూడాల్సింది ఏమీ లేదు. రెండూ ఒకటే అయినంత మాత్రాన మంచివాడని కాదు, అదే పేజీలో `SPF: PASS` అని ఉన్నా అంతే. ఆ మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందని అది చెప్తుంది, ఆ డొమైన్ పెట్టినవాడు ఎవరో చెప్పదు. వెయ్యి రూపాయలు పెడితే లండన్ లాయరు లాంటి డొమైన్ ఎవరికైనా దొరుకుతుంది. అందుకే నేను ఈ పరీక్షను ఫీజు ప్రశ్న తర్వాతే పెడతాను.

"ఇన్ని తప్పులతో, ఇంత మొరటుగా రాస్తే ఎవరు నమ్ముతారు సార్" అని నన్ను కుర్రాళ్లు అడుగుతుంటారు. దీని మీద 2012లో కార్మాక్ హెర్లీ అనే మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు ఒక పేపర్ రాశాడు. ఆయన చెప్పేది ఏమంటే, ఆ మొరటుతనమే వాళ్లకు జల్లెడ. ఉత్తరాలు లక్షల్లో పంపడానికి ఖర్చేం లేదు, ఖర్చంతా జవాబిచ్చిన మనిషితో వారాల తరబడి మాట్లాడటానికే. అనుమానం వచ్చేవాళ్లు మొదట్లోనే నవ్వుకుని వదిలేస్తే, చివరిదాకా వచ్చేవాళ్లే మిగులుతారు. మీరు జవాబిచ్చారంటే ఆ జల్లెడ దాటారన్నమాట. ఇక మీద ఫోన్లు పెరుగుతాయి, "శుక్రవారం లోపల" అనే గడువులు పెరుగుతాయి. శుక్రవారం దాటాక ఏమవుతుందో చూడండి, సోమవారానికి గడువు పొడిగిస్తారు.

నిజమైన డబ్బు ఎలా వస్తుందో కూడా చెప్పకపోతే మీ నాయనకు అనుమానం అలాగే ఉండిపోతుంది. రాయచోటి వైపు నుంచి కువైట్ పోయిన డ్రైవరు ఒకాయన అక్కడ చనిపోతే, ఆయనకు రావాల్సిన జీతం బాకీ, సర్వీసు డబ్బు కంపెనీ నుంచి మన ఎంబసీకి చేరాయి. ఎంబసీ నుంచి కలెక్టరు ఆఫీసుకు, అక్కడి నుంచి విచారణకు తహశీల్దారుకు. వీఆర్వో ఇంటికొచ్చి ఎవరెవరు ఉన్నారో రాసుకున్నాడు. తహశీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టాక డబ్బు భార్య ఖాతాలో పడింది. నెలల తరబడి తిరిగారు, చెప్పులరిగాయి, అది వేరే సంగతి. కానీ "ముందు ఇంత కడితేనే రిలీజ్" అని ఎంబసీ అడగలేదు, కలెక్టరు ఆఫీసూ అడగలేదు. వాటాల్లో తగాదా వచ్చి ఉంటే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం కోర్టుకు రావాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. నిజమైన వారసత్వ కేసులో ఖర్చే ఉండదని నేను అనను. కోర్టు ఫీజు ఉంటుంది, నాలాంటి వాడి ఫీజు ఉంటుంది, విదేశంలో చూపించాల్సిన పత్రాలకు నోటరీ, అపోస్టిల్ అనే ప్రభుత్వ ధ్రువీకరణ ఉంటాయి. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ ఫీజు పత్రానికి 50 రూపాయలు, ఏజెన్సీ చార్జీలు అదనం. కానీ ఆ ఖర్చు మీరు ఎంచుకున్న లాయరుకు, మీరు కళ్లారా చూసిన ఆఫీసులో, మీ పత్రాల పని కోసం, రసీదు తీసుకుని పెడతారు. డబ్బు తన దగ్గర ఉందని చెప్పుకునేవాడికి, ఆ డబ్బు వదలడం కోసం పెట్టే ఖర్చు కాదు. ఇంగ్లండ్‌లో తప్పిపోయిన వారసులను వెతికి పెట్టే ప్రైవేటు సంస్థలు నిజంగానే ఉన్నాయి, వాళ్లు ఇండియాకు ఉత్తరం రాయడమూ జరగొచ్చు. పేరున్న సంస్థలు ముందు డబ్బు అడగవు, ఆస్తి చేతికొచ్చాక అందులో శాతం పట్టుకుంటాయి. వారసులు ఎవరూ తేలకపోతే ఆస్తి బోనా వేకెన్షియా అనే ప్రభుత్వ విభాగానికి పోతుంది. బ్యాంకు మేనేజరూ లాయరూ కలిసి ఎవరికో ఒకరికి ఇచ్చేసే పద్ధతి లేదు.

జేజినాయన తమ్ముడి సంగతి తేల్చుకోవాలని మీకు నిజంగా ఉంటే దానికి దారి ఇది. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, దొరికితే పాత పాస్‌పోర్టు నంబరో, కువైట్ నుంచి వచ్చిన ఉత్తరాల మీద చిరునామానో ఒకచోట రాసుకోండి. కువైట్ విషయానికి విదేశాంగ శాఖ వారి `madad.gov.in`లో అర్జీ పెట్టండి, ఉచితం. లండన్ విషయానికి `gov.uk`లో `probate search` అని ఉంటుంది, పేరు, చనిపోయిన సంవత్సరం వేసి చూడొచ్చు. అక్కడ ప్రొబేట్ ఇచ్చిన ప్రతి కేసూ బహిరంగ రికార్డే. పేరు లేకపోతే ఆయన చనిపోలేదని అర్థం కాదు, చిన్న ఆస్తులకు ప్రొబేట్ తీసుకోకపోవడమూ ఉంది. కానీ 42 లక్షల పౌండ్లను ఏ బ్యాంకూ కోర్టు పత్రం లేకుండా వదలదు. పత్రం వచ్చి ఉంటే రికార్డులో కనిపిస్తుంది, రాకపోయి ఉంటే రిలీజ్ అనే మాటే ఎత్తకూడదు.

మీకొచ్చిన ఉత్తరంలో "నిన్ను వారసుడిగా నిలబెడతాను, సగం సగం పంచుకుందాం" లాంటి మాట ఎక్కడైనా ఉంటే ఇంకో జాగ్రత్త. దానికి ఒప్పుకుంటూ, బంధుత్వం తెలియకుండానే అఫిడవిట్ మీద సంతకం పెడితే మీరే అబద్ధపు ప్రమాణం చేసినవాళ్లవుతారు. తర్వాత వాడు ఆ కాగితం పట్టుకునే మిమ్మల్ని బెదిరిస్తాడు. అలా బెదిరిస్తే భయపడి డబ్బు పంపొద్దు, ఆ మెసేజ్ కూడా దాచిపెట్టి పోలీసులకు చూపించండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. జవాబివ్వడం ఆపేయండి, తిట్టను కూడా తిట్టొద్దు. మెయిళ్లు డిలీట్ చేయకండి. ఆధార్, పాన్ కాపీలు ఇప్పటికే పంపి ఉంటే, ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. మీ పేరు మీద తెలియని లోన్లు ఏవైనా పుట్టాయేమో క్రెడిట్ రిపోర్టులో చూసుకుంటూ ఉండండి, ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తారు. బ్యాంకు పాస్‌బుక్ కాపీ కూడా పంపి ఉంటే బ్రాంచికి పోయి చెప్పండి. "ఫీజు కట్టలేకపోతే పర్వాలేదు, నీ ఖాతాలోకి కొంత డబ్బు వేస్తాం, దాన్ని ఫలానా చోటికి పంపు" అని అడుగుతారు. అది ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బు. మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

ఈలోగా మీ నాయన ఎవరి ద్వారానో కట్టేసి ఉంటే ఈ సమాధానం పూర్తిగా చదవడం కూడా ఆపి వెంటనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు రసీదులో ఉండే యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, మొత్తం, అవతలి ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే హోల్డ్ పడాలి, అందుకే గంటలు లెక్క. ఆ తర్వాత `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేసి, మీ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి. "మాకు సంబంధం లేదు, ఫలానా స్టేషన్‌కు పో" అంటే, ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ తీసుకోవాలని కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 173లో ఉందని మర్యాదగా గుర్తు చేయండి.

ఒకసారి డబ్బు కట్టినవాళ్ల నంబర్లు వీళ్లలో వీళ్లు అమ్ముకుంటారు. మైదుకూరు ఆయనకు ఫిర్యాదు ఇచ్చిన కొన్నాళ్లకు ఇంకో ఫోన్ వచ్చింది. "ఇంటర్‌పోల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ 4,65,800 దొరికింది, ప్రాసెసింగ్ కింద 15,000 కట్టండి" అని. మొత్తం అంకెతో సహా చెప్పేసరికి ఆయన మళ్లీ నమ్మబోయాడు. ఆ అంకె వాళ్లకు తెలియక ఎవరికి తెలుస్తుంది, తీసుకుంది వాళ్లే కదా. పోయిన డబ్బు హోల్డ్ అయి ఉంటే దాని గురించి మీకు చెప్పేది మీ కేసు చూసే స్టేషనూ, కోర్టూ, మీ బ్యాంకే. వాటిలో ఏదీ తిరిగి ఇవ్వడానికి యూపీఐలో ముందు డబ్బు వేయమనదు.